రౌటర్‌లో దొరికి బయట దొరకని డొమైన్: ప్రొవైడర్ మారాక మిగిలిపోయిన పాత డీఎస్ రికార్డు కథ

నేపథ్యం

ఈ కేసులోని సంస్థ టోకు వ్యాపారం చేసే ఒక మధ్యతరహా కంపెనీ. డీలర్లు ఆర్డర్లు పెట్టే వెబ్‌సైటు, సిబ్బంది ఈమెయిల్, బిల్లుల పోర్టల్ అన్నీ ఒకే `.com` డొమైన్ మీద నడుస్తున్నాయి. సంస్థను గుర్తుపట్టే వీలు లేకుండా డొమైన్ పేరును `example.com` గానూ, కొత్త నేమ్‌సర్వర్ పేరును `ns1.example.net` గానూ మార్చి రాస్తున్నాను. కీ సంఖ్యలు కూడా అసలువి కావు.

చాలా ఏళ్లుగా ఆ డొమైన్ రిజిస్ట్రేషనూ, దాని డీఎన్ఎస్ హోస్టింగూ ఒకే కంపెనీ దగ్గర ఉండేవి. ఆ పాత ప్రొవైడర్ తన దగ్గరున్న జోన్లన్నిటికీ, అంటే ఒక్కో డొమైన్ రికార్డుల సముదాయానికి, జవాబులు నకిలీవి కావని నిరూపించే డీఎన్ఎస్‌సెక్ సంతకాలు తానే చేసి, ఆ సంతకాల కీని గుర్తుపట్టడానికి పనికొచ్చే డీఎస్ రికార్డును రిజిస్ట్రీకి పంపేది. ఇదంతా తెర వెనుక జరిగిపోవడం వల్ల తమ డొమైన్‌కు డీఎన్ఎస్‌సెక్ ఉందన్న సంగతి సంస్థలో ఎవరికీ తెలియదు. రెన్యూవల్ ఖర్చు తగ్గుతుందని డొమైన్‌ను మరో రిజిస్ట్రార్‌కు బదిలీ చేశారు. బదిలీ పూర్తయ్యాక కొత్తవారి డీఎన్ఎస్ ప్యానెల్‌లో `A`, ఎంఎక్స్, టెక్స్ట్ రికార్డులన్నిటినీ జాగ్రత్తగా మళ్లీ రాసి, నేమ్‌సర్వర్లను మార్చారు. రికార్డుల్లో ఒక్క తప్పు కూడా లేదని తరువాత నేను స్వయంగా సరిచూశాను.

ఇక్కడ ముగ్గురి పాత్రలను విడివిడిగా చూడకపోతే తరువాత జరిగినది అర్థం కాదు. జోన్‌లోని రికార్డులను ఇచ్చేది డీఎన్ఎస్ హోస్టింగ్ నడిపేవారు. `.com` కింద ఏ డొమైన్‌కు ఏ నేమ్‌సర్వర్లు, ఏ డీఎస్ రికార్డు ఉన్నాయో చెప్పేది రిజిస్ట్రీ. ఆ రిజిస్ట్రీలో మార్పు చేయగలిగినవాడు ప్రస్తుత రిజిస్ట్రార్ ఒక్కడే. డొమైన్ ఒక రిజిస్ట్రార్ నుంచి మరొకరికి మారినప్పుడు రిజిస్ట్రీలోని నేమ్‌సర్వర్ల జాబితా ఎలా ఉన్నది అలాగే కొత్తవారి చేతికి వస్తుంది, డీఎస్ రికార్డు కూడా అలాగే వస్తుంది. నేమ్‌సర్వర్లను ఎవరో ఒకరు తప్పకుండా మారుస్తారు, ఎందుకంటే మార్చకపోతే కొత్త హోస్టింగ్ పని చేయదు. డీఎస్ రికార్డును మార్చాలని మాత్రం ఎవరికీ గుర్తు చేసేది ఏదీ ఉండదు.

సమస్య ఎలా కనిపించింది

మార్పు చేసిన రోజు అంతా సవ్యంగానే నడిచింది, పని పూర్తయిందని సిబ్బంది రాసి పెట్టుకున్నారు. మరుసటి రోజు నుంచి కొందరు డీలర్లు సైటు తెరుచుకోవడం లేదని ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఆఫీసులో ఎవరు చూసినా తెరుచుకుంటోంది. రోజు గడిచేకొద్దీ ఫిర్యాదులు పెరిగాయి. ఒకే ఊళ్లో ఒక డీలర్‌కు పనిచేస్తున్నది పక్క దుకాణం వారికి పనిచేయడం లేదు. కొన్ని చోట్ల నుంచి రావలసిన ఈమెయిళ్లు రాలేదు, అయితే పంపినవారికి తిరిగి కూడా వెళ్లలేదు. వీటికి తోడు వెబ్‌సైటు సర్టిఫికెట్ ఆటోమేటిక్ రెన్యూవల్ కూడా ఆగిపోయి, లాగ్‌లో `SERVFAIL` అన్న మాట, అంటే పేరుకు జవాబు తేలేకపోయామన్న డీఎన్ఎస్ సందేశం, కనిపించింది.

నన్ను పిలిచేనాటికి ఇది వెబ్ సర్వర్ సమస్య అనే అభిప్రాయం బలంగా ఉంది. నా దృష్టిని మార్చినది ఆఫీసులోనే జరిగిన ఒక చిన్న విషయం. అక్కడికి వచ్చిన ఒక సేల్స్ ప్రతినిధి ఫోన్, ఆఫీసు వైఫైలోనే ఉండి కూడా, ఆ సైటును తెరవలేకపోయింది. అదే వైఫైలో ఉన్న మిగతా ఫోన్లు తెరుస్తున్నాయి. సర్వర్‌లోనో ఫైర్‌వాల్‌లోనో దోషం ఉంటే ఒకే ఇంటర్నెట్ లైను మీద వెళ్లే అన్ని ఫోన్లకూ అది ఒకే విధంగా తగలాలి. ఆ ఫోన్ సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్ఎస్ కింద `dns.google` అని రాసి ఉంది. అంటే ఆ ఫోన్ పేర్లను రౌటర్‌ను అడగడం లేదు, పేర్లకు చిరునామాలు వెతికి ఇచ్చే గూగుల్ రిజాల్వర్‌ను నేరుగా అడుగుతోంది. తేడా సర్వర్‌లో లేదు, పేరును ఎవరిని అడుగుతున్నామన్న దానిలో ఉంది.

అంతకుముందు చేసినవి, అవి ఎందుకు ఫలించలేదు

సిబ్బంది మొదట రౌటర్‌ను రీస్టార్ట్ చేశారు, కంప్యూటర్లలోని డీఎన్ఎస్ కాష్‌ను ఖాళీ చేశారు. అసలు పనిచేస్తున్న చోటే చేసిన ఆ పని వల్ల ఏమీ మారే అవకాశం లేదు. తరువాత కొత్త ప్యానెల్‌లో రికార్డులన్నిటి టీటీఎల్‌ను, అంటే అవి కాష్‌లో ఉండే గడువును, 300 సెకన్లకు తగ్గించారు, అదీ ఫలించలేదు. ఎందుకంటే చిక్కు తెచ్చిన రికార్డు ఆ ప్యానెల్‌లో లేనే లేదు, అది రిజిస్ట్రీలో ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయాన్ని తిన్నది మాత్రం 48 గంటలు ఆగమన్న సలహా. నేమ్‌సర్వర్లు మార్చిన తరువాత ప్రపంచమంతా సర్దుకోవడానికి రెండు రోజులు పడుతుందని హోస్టింగ్ సహాయక సిబ్బంది చెప్పారు. ఈ మాటకు ఆధారం లేకపోలేదు. `.com` సర్వర్లు ఇచ్చే నేమ్‌సర్వర్ రికార్డుల టీటీఎల్ 172800 సెకన్లు, అంటే సరిగ్గా రెండు రోజులు. కానీ సర్దుబాటు మామూలుగా ఏ దిశలో జరుగుతుందో చూడాలి. సరైన మార్పు చేసినప్పుడు కాలం గడిచేకొద్దీ పని చేసే చోట్లు పెరుగుతాయి. ఇక్కడ కాలం గడిచేకొద్దీ పని చేయని చోట్లు పెరుగుతున్నాయి. పాత నేమ్‌సర్వర్ల చిరునామాలు కాష్‌లో ఉన్న రిజాల్వర్లు ఇంకా పాత ప్రొవైడర్ దగ్గరికే వెళ్లి, సరైన సంతకాలున్న జవాబులు తెచ్చుకుంటూ తృప్తిగా ఉన్నాయి. ఆ కాష్ గడువు తీరి కొత్త నేమ్‌సర్వర్ల దగ్గరికి వచ్చిన ప్రతి రిజాల్వర్, సంతకాలు సరిచూసేదైతే, అక్కడి నుంచి విఫలమవుతోంది. కొత్త నేమ్‌సర్వర్లకు చేరడమే వైఫల్యానికి కారణమైనప్పుడు ఎదురుచూపు సమస్యను తీర్చదు, పూర్తి చేస్తుంది.

కారణాన్ని తేల్చిన విధానం

మొదట ఒకే ప్రశ్నను రౌటర్‌కూ, బయటి రిజాల్వర్ అయిన క్లౌడ్‌ఫ్లేర్ వారి `1.1.1.1` కూ వేసి పోల్చాను. మూడోసారి అదే బయటి రిజాల్వర్‌ను సంతకాలు సరిచూడవద్దని కోరుతూ అడిగాను.

```
dig example.com A @192.168.1.1      -> status: NOERROR
dig example.com A @1.1.1.1          -> status: SERVFAIL
                                       EDE: 9 (DNSKEY Missing)
dig example.com A @1.1.1.1 +cd      -> status: NOERROR
```

ఈ మూడు వరుసలలో మూడోది కీలకం. `+cd` అంటే తనిఖీని పక్కన పెట్టమని రిజాల్వర్‌కు చెప్పడం. తనిఖీతో అడిగితే `SERVFAIL`, తనిఖీ లేకుండా అడిగితే సరైన చిరునామా వచ్చిందంటే ఆ రిజాల్వర్‌కు జోన్ అందుతోంది, నేమ్‌సర్వర్లు పలుకుతున్నాయి, రికార్డు కూడా ఉంది. సంతకాల గొలుసు ఒక్కటే తెగింది. `+cd` తో కూడా `SERVFAIL` వచ్చి ఉంటే నేను నేమ్‌సర్వర్లు పలకకపోవడం, లేదా వాటిలో జోన్ లేకపోవడం వంటి వేరే దారిలో వెతికి ఉండేవాణ్ణి.

రౌటర్ జవాబు ఎందుకు నమ్మదగినది కాదో కూడా అప్పుడే తేల్చుకున్నాను. ఆ రౌటర్ తనంత తానుగా పేర్లను వెతకదు, ఇంటర్నెట్ కంపెనీ రిజాల్వర్‌కు ప్రశ్నను చేరవేసి వచ్చిన జవాబును దాచుకుంటుంది. ఆ గొలుసులో ఎక్కడా సంతకాల తనిఖీ లేదు. దీనిని నిర్ధారించుకోవడానికి `dnssec-failed.org` అన్న డొమైన్ ఉపయోగపడుతుంది, పరీక్షల కోసమే దానిలో సంతకాలను కావాలని చెడగొట్టి ఉంచారు. దానిని రౌటర్ ద్వారా అడిగితే చిరునామా వచ్చింది, `1.1.1.1` ను అడిగితే `SERVFAIL` వచ్చింది. కాబట్టి ఆ రౌటర్ ద్వారా ఒక పేరు దొరికిందంటే, ఆ డొమైన్ డీఎన్ఎస్‌సెక్ పరంగా ఆరోగ్యంగా ఉందని దాని అర్థం కాదు.

రెండో వరుసలో వచ్చిన `EDE: 9` అన్నది 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8914 ప్రకారం రిజాల్వర్లు చేర్చే అదనపు వివరణ. పైస్థాయిలో డీఎస్ రికార్డు ఉంది, దానికి సరిపోయే కీ కిందిస్థాయిలో దొరకలేదు అని దాని భావం. ఈ వివరణను రిజాల్వర్లన్నీ ఇవ్వవు, ఇచ్చినా ఒక్కొక్కటి ఒక్కో సంఖ్యను ఎంచుకోవచ్చు. అందుకని దానిని దారి చూపే సూచనగా మాత్రమే తీసుకుని, రెండు మూలాలనూ నేరుగా అడిగాను.

```
dig example.com DS @a.gtld-servers.net +norecurse
example.com.  86400  IN  DS  31406 8 2 (...)

dig example.com DNSKEY @ns1.example.net +norecurse
status: NOERROR, ANSWER: 0
```

`.com` రిజిస్ట్రీ ఇంకా 31406 సంఖ్య గల కీ ఉండాలని చెబుతోంది. అందులో 8 అన్నది ఆర్‌ఎస్‌ఏ, షా-256 పద్ధతిని సూచిస్తుంది, చివరి 2 డైజెస్ట్ రకం. కొత్త నేమ్‌సర్వర్‌లో కీ ఏదీ లేదు, ఎందుకంటే కొత్త ప్రొవైడర్ ఆ జోన్‌కు అసలు సంతకాలే చేయడం లేదు.

సంస్థ యాజమాన్యం అడిగిన ప్రశ్న సమంజసమైనదే: సంతకం లేని డొమైన్లు ఇంటర్నెట్‌లో కోట్లలో పనిచేస్తుంటే మనది మాత్రం ఎందుకు పనిచేయదు? బ్యాంకులో మన నమూనా సంతకం ఉండగా సంతకం లేని చెక్కు వస్తే దానిని తిప్పి పంపడమే గుమాస్తా ధర్మమని వారికి చెప్పాను. డీఎస్ రికార్డు లేని డొమైన్‌కు సంతకం లేకపోతే రిజాల్వర్ దానిని మామూలు, రక్షణ లేని డొమైన్‌గా స్వీకరిస్తుంది. డీఎస్ రికార్డు ఉండి సంతకం లేకపోతే మాత్రం, దారిలో ఎవరో సంతకాలను తొలగించి నకిలీ జవాబు ఇస్తున్నారని భావించడం తప్ప దానికి మరో మార్గం లేదు. అలా కాకుండా చూసీ చూడనట్లు వదిలేస్తే దాడి చేసేవాడు సంతకాలను తీసేసి పంపితే సరిపోయేది, డీఎన్ఎస్‌సెక్‌కు ప్రయోజనమే ఉండేది కాదు. కాబట్టి ఇక్కడ గూగుల్ రిజాల్వరూ, క్లౌడ్‌ఫ్లేర్ రిజాల్వరూ తమ పని సరిగ్గానే చేశాయి.

మిగతా లక్షణాలు కూడా దీనితోనే విడివడ్డాయి. మెయిల్ పంపే సర్వర్‌కు `SERVFAIL` తాత్కాలిక వైఫల్యం కింద లెక్క, అందుకే అది ఉత్తరాన్ని తిప్పి పంపకుండా క్యూలో ఉంచి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. సాధారణంగా నాలుగైదు రోజులు గడిచాకే వదిలేస్తుంది. సర్టిఫికెట్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ కూడా సంతకాలు సరిచూసే రిజాల్వర్‌నే వాడుతుంది కనుక దాని పరిశీలన అక్కడే ఆగిపోయింది.

ఏ మార్గం ఎంచుకోవాలి

ముందు నాలుగు దారులు కనిపించాయి. వాటిని తూచిన తీరు రాయడం అవసరం, ఎందుకంటే పరిస్థితి కొద్దిగా వేరైతే నా ఎంపిక కూడా వేరై ఉండేది.

మొదటిది వెనక్కి వెళ్లడం, అంటే నేమ్‌సర్వర్లను మళ్లీ పాత ప్రొవైడర్‌కు మార్చడం. పాత జోన్, పాత కీలు అక్కడ ఇంకా ఉండి ఉంటే నేను తడుముకోకుండా ఇదే చేసేవాణ్ణి. డీఎస్ రికార్డుకు సరిపోయే కీ మళ్లీ కనిపిస్తే డీఎస్ కాష్‌ల గడువు కోసం ఎదురుచూడకుండానే గొలుసు అతుక్కుంటుంది. పాత నేమ్‌సర్వర్‌ను అడిగితే `REFUSED` అని వచ్చింది. డొమైన్ తమ దగ్గర లేదు కనుక కొద్ది రోజుల్లో వారు జోన్‌ను తొలగించేశారు. మళ్లీ డబ్బు కట్టి జోన్‌ను సృష్టించవచ్చని సంస్థవారు అన్నారు. కానీ అలా సృష్టిస్తే కొత్త కీలు పుడతాయి, 31406 తిరిగి రాదు, డీఎస్ మళ్లీ సరిపోదు. ఆ దారి మూసుకుపోయింది.

రెండోది కొత్త ప్రొవైడర్ దగ్గర వెంటనే సంతకాలు మొదలుపెట్టి కొత్త డీఎస్ చేర్చడం. ప్యానెల్‌లో ఒక బటన్ నొక్కితే అయిపోయేలా కనిపించినందువల్ల సిబ్బంది దీనివైపు మొగ్గారు. నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఆ బటన్ పాత డీఎస్‌ను తొలగిస్తుందో, దాని పక్కన కొత్తది చేరుస్తుందో మాకు తెలియకపోవడమే. ప్యానెల్‌లో పాత డీఎస్ అసలు కనిపించడమే లేదు. రెండూ పక్కపక్కన మిగిలితే, డీఎస్‌లో పేర్కొన్న ప్రతి అల్గారిథంతోనూ జోన్ సంతకమై ఉండాలన్నది జోన్ నడిపేవారికి ఉన్న నియమం. కొత్త ప్రొవైడర్ వాడేది 13వ అల్గారిథం, పాత డీఎస్‌లో ఉన్నది 8వది. చాలా రిజాల్వర్లు సరిపోయే ఒక్క దారి దొరికితే చాలనుకుంటాయి, కఠినంగా పట్టుబట్టేలా అమర్చినవి తిరస్కరిస్తాయి. అంటే కొన్ని చోట్ల బాగై కొన్ని చోట్ల బాగుకాని, నిర్ధారించడం మరింత కష్టమైన స్థితిలోకి వెళ్లే ప్రమాదం ఉంది. పైగా పాత డీఎస్‌ను ఇప్పటికే కాష్‌లో ఉంచుకున్న రిజాల్వర్ల విషయంలో ఈ దారి వల్ల ఒక్క నిమిషం కూడా కలిసిరాదు.

మూడోది డీలర్లందరినీ తమ ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ ఆపేయమని కోరడం. ఒకరిద్దరు డీలర్లకు సిబ్బంది అప్పటికే అలా చెప్పారు. దానిని వెంటనే ఆపించాను. మన డొమైన్ దోషానికి ఇతరుల రక్షణను తీసేయించడం న్యాయం కాదు, ఆ సెట్టింగును మళ్లీ పెట్టుకోవాలని వారిలో ఎవరికి గుర్తుంటుంది? ఒక డొమైన్‌కు మాత్రమే తాత్కాలికంగా తనిఖీ మినహాయించే ఏర్పాటు ఆర్‌ఎఫ్‌సీ 7646లో ఉంది. కానీ అది రిజాల్వర్ నడిపేవారు తమ విచక్షణతో వాడేది, మనం దానిని కోరి సాధించుకోగలిగినది కాదు.

మిగిలినది పాత డీఎస్‌ను రిజిస్ట్రీ నుంచి పూర్తిగా తీయించి, డొమైన్‌ను కొంతకాలం సంతకం లేని స్థితిలో ఉంచి, స్థిరపడ్డాక కొత్తగా సంతకం చేయడం. ఆ మధ్యకాలంలో డీఎన్ఎస్‌సెక్ రక్షణ ఉండదన్నది దీని ఖరీదు. డొమైన్ అసలే అందని స్థితితో పోలిస్తే అది భరించదగినదని యాజమాన్యానికి వివరించి, వారి అంగీకారం తీసుకుని ముందుకు వెళ్లాను.

డీఎస్ తొలగింపు

కొత్త రిజిస్ట్రార్ ప్యానెల్‌లో డీఎన్ఎస్‌సెక్ అన్నచోట ఆఫ్ అని ఉంది. ఆ మాట ఆ కంపెనీ చేసే సంతకాలకు సంబంధించినదే తప్ప, రిజిస్ట్రీలో ఉన్న డీఎస్‌కు సంబంధించినది కాదు. సహాయక సిబ్బందికి మొదట సంస్థవారు పంపిన అభ్యర్థనకు, మా వైపు డీఎన్ఎస్‌సెక్ ఆఫ్‌లోనే ఉంది, తొలగించడానికి ఏమీ లేదు అన్న జవాబు వచ్చి టికెట్ మూసేశారు.

రెండో అభ్యర్థనను నేను వేరే విధంగా రాయించాను. సైటు తెరుచుకోవడం లేదన్న మాటతో మొదలుపెట్టకుండా, `a.gtld-servers.net` ఇచ్చిన డీఎస్ వరుసను యథాతథంగా పెట్టాను. డొమైన్ నమోదు వివరాలు చెప్పే హూయిజ్ జవాబులో ఉన్న `DNSSEC: signedDelegation` అన్న వరుసను దాని కింద చేర్చాను. కొత్త నేమ్‌సర్వర్‌లో కీ లేదన్న ఆధారం మూడోది. చివరగా, ఈ డొమైన్ కింద రిజిస్ట్రీలో ఉన్న డీఎస్ రికార్డులన్నిటినీ, ఒక్కటీ మిగలకుండా తొలగించాలని కోరాను. రిజిస్ట్రార్లు రిజిస్ట్రీతో మాట్లాడే ఈపీపీ పద్ధతిలో ఒక్కో డీఎస్‌ను విడిగా తొలగించే ఆజ్ఞతో పాటు అన్నిటినీ ఒకేసారి తొలగించే ఆజ్ఞ కూడా ఉంది. తమ ప్యానెల్‌కు తెలియని డీఎస్‌ను తీయడానికి రెండోదే నిక్కచ్చైనది. ఈసారి టికెట్ సాంకేతిక బృందానికి వెళ్లింది, వారు తొలగించారు.

తొలగించామన్న వారి జవాబును నేను ముగింపుగా తీసుకోలేదు. `.com` సర్వర్‌ను మళ్లీ నేరుగా అడిగి డీఎస్ లేదని, హూయిజ్‌లో `DNSSEC: unsigned` అని వస్తోందని చూసుకున్నాకే తరువాతి మెట్టు ఎక్కాను.

అయినా `1.1.1.1` ఇంకా `SERVFAIL` ఇస్తూనే ఉంది. దీనికి సిద్ధంగా ఉండమని సిబ్బందికి ముందే చెప్పి ఉంచాను. డీఎస్ టీటీఎల్ 86400 సెకన్లు, కాబట్టి తొలగించడానికి క్షణం ముందు దానిని తెచ్చుకున్న రిజాల్వర్ మరో 24 గంటలు దానినే నమ్ముతుంది. పెద్ద బహిరంగ రిజాల్వర్ల విషయంలో మాత్రం ఈ కాలాన్ని తగ్గించవచ్చు. గూగుల్‌కు `dns.google/cache` లోనూ, క్లౌడ్‌ఫ్లేర్‌కు `one.one.one.one/purge-cache` లోనూ ఎవరైనా ఒక పేరును కాష్ నుంచి తొలగించమని కోరే సౌకర్యం ఉంది. అక్కడ డొమైన్ పేరుకు `A` రికార్డును మాత్రమే ఖాళీ చేస్తే లాభం లేదు. డీఎస్, డీఎన్ఎస్‌కీ రకాలను ముందు ఖాళీ చేయించి, ఆ తరువాత `A`, ఎంఎక్స్ రికార్డులను ఖాళీ చేయించాను. కొద్దిసేపటికే రెండు చోట్లా `NOERROR` రావడం మొదలైంది, సేల్స్ ప్రతినిధి ఫోన్‌లో సైటు తెరుచుకుంది.

మన చేతిలో లేని ఇతర రిజాల్వర్లకు టీటీఎల్ గడవడం తప్ప దారి లేదు. ఆ 24 గంటలూ జోన్‌లో ఏ మార్పూ చేయవద్దని, ముఖ్యంగా మెయిల్ ఆలస్యమవుతోందని ఎంఎక్స్ రికార్డును కదిలించవద్దని గట్టిగా కోరాను. క్యూలో ఆగిన ఉత్తరాలు పంపినవారి సర్వర్లలో భద్రంగా ఉన్నాయి, దారి తెరుచుకోగానే వాటంతట అవే వస్తాయి. అలాగే వచ్చాయి. సర్టిఫికెట్ రెన్యూవల్‌ను కూడా డీఎస్ పోయాకే మళ్లీ నడిపించాము, అది తొలి ప్రయత్నంలోనే పూర్తయింది.

మళ్లీ సంతకాలు

ఇక డీఎన్ఎస్‌సెక్ జోలికి పోవద్దని సంస్థలో కొందరు అన్నారు. ఆ భయం సహజమే అయినా, డీలర్లు డబ్బు కట్టే పోర్టల్ ఉన్న డొమైన్‌కు ఉన్న రక్షణను ఒక బదిలీ పొరపాటు కారణంగా వదులుకోవడం నాకు సరికాదనిపించింది. పాత కాష్‌లన్నీ గడువు తీరి, పరిస్థితి నిలకడగా ఉందని తేలాక కొత్త ప్రొవైడర్ దగ్గర సంతకాలు మొదలుపెట్టించాను, డీఎస్‌ను మాత్రం అప్పుడే చేర్చనివ్వలేదు.

జోన్‌కు సంతకమైన వెంటనే డీఎస్ చేరిస్తే, అంతకుముందు సంతకం లేకుండా కాష్‌లోకి వెళ్లిన జవాబులు ఇంకా తిరుగుతుండగానే సంతకం తప్పనిసరి అవుతుంది. అందుకని జోన్‌లోని అతి పెద్ద టీటీఎల్ కన్నా ఎక్కువసేపు ఆగాలి. ఆ విరామంలో ప్రతి నేమ్‌సర్వర్‌నూ విడివిడిగా అడిగి, అన్నిటిలోనూ ఒకే కీలు, జవాబులతో పాటు సంతకాలు వస్తున్నాయని చూశాను. తరువాత ప్యానెల్ చూపించిన డీఎస్‌ను నమ్మకుండా, నేమ్‌సర్వర్ ఇస్తున్న కీ నుంచే డీఎస్‌ను లెక్కగట్టి రెండిటినీ పోల్చాను.

```
dig example.com DNSKEY @ns1.example.net | \
  dnssec-dsfromkey -2 -f - example.com
```

రెండూ అక్షరం తేడా లేకుండా సరిపోయాక డీఎస్‌ను రిజిస్ట్రీకి పంపించాము. `dig example.com A @1.1.1.1 +dnssec` జవాబులోని ఫ్లాగులలో `ad` కనిపించింది, అంటే రిజాల్వర్ సంతకాల గొలుసును రూట్ వరకు సరిచూసి ఒప్పుకుంది.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

డీఎన్ఎస్‌సెక్ ఉన్న `.com` డొమైన్‌ను మరో చోటికి మార్చేటప్పుడు నేను ఇప్పుడు అనుసరించే క్రమం ఈ కేసులో తప్పిన క్రమానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. బదిలీకి ముందే, పాత రిజిస్ట్రార్ చేతిలో డొమైన్ ఉండగానే, డీఎస్‌ను తీయించాలి. తరువాత 24 గంటలకు పైగా ఆగాలి, ఆ కాలమంతా పాత ప్రొవైడర్ సంతకాలు చేస్తూనే ఉండాలి. కొన్ని ప్యానెళ్లలో డీఎన్ఎస్‌సెక్‌ను ఆపే ఒకే బటన్ సంతకాలనూ డీఎస్‌నూ ఒకేసారి తీసేస్తుంది, అప్పుడు డీఎస్ కాష్‌లో ఉన్నంతసేపు ఇదే వైఫల్యం వస్తుంది. కాబట్టి ఆ బటన్ ఏం చేస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి. డీఎస్ గడువు తీరాక నేమ్‌సర్వర్లను మార్చాలి, మార్చిన తరువాత కనీసం రెండు రోజులు పాత జోన్‌ను బతికించి ఉంచాలి. ఇతర డొమైన్ కొసలకు ఈ గడువులు వేరుగా ఉంటాయి కనుక ఆ కొస సర్వర్లను అడిగి, టీటీఎల్ చూసి లెక్క వేసుకోవాలి. క్షణం కూడా సంతకం లేకుండా ఉండకూడని సంస్థలకు రెండు ప్రొవైడర్లూ ఒకరి కీలను మరొకరు తమ జోన్‌లో ప్రచురించే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 8901లో ఉంది. దానికి ఇద్దరి సహకారమూ అవసరం, వెళ్లిపోతున్న కస్టమర్ కోసం పాత ప్రొవైడర్ ఆ పని చేయడం అరుదు.

తనిఖీతో `SERVFAIL`, `+cd` తో సరైన జవాబు అన్న లక్షణం ఒక్క డీఎస్ సమస్యకే పరిమితం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. సంతకాల గడువు తీరిపోయినా ఇలాగే కనిపిస్తుంది. అప్పుడు కీలు డీఎస్‌తో సరిపోతూనే ఉంటాయి, సంతకం రికార్డులోని ముగింపు తేదీ దాటి ఉంటుంది. కావలసినది జోన్‌కు మళ్లీ సంతకం చేయించడం, డీఎస్‌ను తీయించడం కాదు. అక్కడ డీఎస్ తీయిస్తే కొన్ని నిమిషాల్లో తీరే సమస్యకు ఒక రోజు పడుతుంది. అందుకే డీఎస్‌ను ముట్టుకునే ముందు పైస్థాయి డీఎస్, కిందిస్థాయి కీ, సంతకం తేదీ మూడింటినీ చూడడం నాకు తప్పనిసరి నియమమైంది.

సంస్థలో సైటు పనిచేస్తోందా లేదా అని చూసే మానిటరింగ్ అంతవరకు ఆఫీసు రౌటర్ ద్వారానే పేరును అడిగేది, కాబట్టి డీలర్లు ఫోన్లు చేస్తున్నంతసేపూ అది పచ్చగానే ఉంది. దానికి ఇప్పుడు సంతకాలు సరిచూసే రెండు బయటి రిజాల్వర్లను చేర్చి, ప్రతి 5 నిమిషాలకు తనిఖీతో ఒకసారి, `+cd` తో ఒకసారి అడిగేలా అమర్చాము. రెండు జవాబులూ విడిపోతే అది సర్వర్ చూసుకునే బృందానికి కాక, డొమైన్ రిజిస్ట్రేషన్ ఖాతా లాగిన్ ఉన్న వ్యక్తికి నేరుగా కబురు పంపుతుంది.